దణ్ణానికి జవాబు ఎవరివ్వాలి

మా ఊళ్ళో పెద్దాయన నోరు మెదపకపోతే దానికి అర్థం చెప్పే హక్కు అందరికీ ఉండేది, దణ్ణం పెట్టినవాళ్ళకి తప్ప. ఈ ఏర్పాటు నాకు చిన్నప్పుడే నచ్చలేదు. ఇప్పుడు నా జుట్టు నెరిసింది, నాకే జనం దణ్ణాలు పెడుతున్నారు, అయినా నచ్చడం లేదు. ఇది చదివి నన్ను పెద్దలంటే లెక్కలేని మనిషి అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. ఆ పేరు నాకు కొత్తదేం కాదు.

మాది సముద్రం మధ్య దీవిలో బ్రిజే వెర్దియేర్ అనే ఊరు. ఇంకా ఇంగ్లీషువాళ్ళ జెండా ఎగురుతున్న రోజులు. ఇంటి వెనక మొదలైన చెరుకు తోట ఎక్కడ ఆగుతుందో చిన్నప్పుడు నాకు తెలియదు. నాన్న ఎస్టేటులో చెరుకు కొట్టేవాడు. ఆయన తాతలు చెరుకు కూలీలుగా ఓడ దిగినప్పుడు తెలుగు తప్ప మరో భాష తెలియనివాళ్ళు. మా దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో తిట్టుకున్నా నవ్వుకున్నా ఆ దీవి భాష క్రియోల్లోనే. తెలుగు మాత్రం వరసలు పిలవడానికీ, పూజకీ, భజన పాటలకీ, ఎదురుపడిన పెద్దవాళ్ళకి దణ్ణం పెట్టడానికీ మిగిలింది. "దణ్ణం తాతా" అనేదాకా తెలుగు. ఆ తర్వాత మాట దానంతటదే క్రియోల్లోకి జారిపోయేది.

గుడిలో మాత్రం అలా జారడానికి వీల్లేదు. గడప దాటి లోపలికొస్తే తెలుగే మాట్లాడాలని నియమం. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, కానీ అందరూ పాటించేవారు. తెలుగు రాక, క్రియోల్ మాట్లాడే వీల్లేక, జనం ఊరికే కూర్చునేవారు. మా గుడి ఎంతో ప్రశాంతంగా ఉంటుందని పక్క ఊళ్ళవాళ్ళు మెచ్చుకునేవారు కూడా.

ఆ గుడికి పెద్దదిక్కు తాత. ఎవరికీ రక్త సంబంధం లేకపోయినా అందరికీ తాతే. పూజ ఆయనే చేసేవాడు, శనివారం భజనలో మొదటి పాట ఆయనే ఎత్తుకునేవాడు. పాట ఎత్తుకుంటే ఆ గొంతు రోడ్డు దాకా వినపడేది. పాట అయిపోతే మళ్ళీ మాట ఉండేది కాదు. ఎవరు దణ్ణం పెట్టినా చూసేవాడు, అంతే. ఆయన భార్య పోయినప్పటి నుంచి అలా అయిపోయాడని అనుకునేవారు. ఆయన మాట్లాడని లోటు తీర్చడానికి చిన్నాయన ఉన్నాడు. తాతకి మేనల్లుడు, మాకు వరసకి చిన్నాయన. గుడి వ్యవహారాలన్నీ ఆయన చేతి మీదుగానే నడిచేవి. ఎవరైనా తాతని ఏదైనా అడగడానికి వస్తే చిన్నాయన పక్కనే నిలబడేవాడు. తాత మాట్లాడకపోతే, మాట్లాడడు కాబట్టి, చిన్నాయన తల పంకించి, "పెద్దాయన మాట్లాడలేదంటే ఒద్దనే" అనేవాడు. కొన్నిసార్లు, తనకి ఇష్టమైన పనైతే, "పెద్దాయన మాట్లాడలేదంటే సరేననే" అనేవాడు. రెండూ ఒకే మనిషి నోటి నుంచి వచ్చేవి. జనం రెండూ నమ్మేవారు. ఇంత సుఖమైన ఉద్యోగం గవర్నరుకి కూడా లేదని నేను అనుకునేదాన్ని.

గుడి పక్కన ఒక గది ఉంది. నల్లబల్ల, బెంచీలు. గుడ్‌ల్యాండ్స్ నుంచి ఒక మాస్టారు బస్సులో వచ్చి సాయంత్రాలు తెలుగు చెప్పేవారు. నేను ఆయన దగ్గర అక్షరాలు మొదలుపెట్టి పరీక్షలన్నీ పూర్తి చేశాను. ఆయనకి కాళ్ళు పడిపోయి బస్సెక్కలేక మానేసినప్పుడు కబురు పంపారు, నీకు చేతనవుతుంది, నువ్వు చెప్పు అని. ఆ గదికి తాళం పడింది. తాళంచెవి తాత మొలతాడుకి ఉండేది. తాత సరేనంటే ఆ తాళంచెవి నాకొస్తుంది. దీనికి కాగితాలు, దరఖాస్తులు ఏమీ లేవు. వెళ్ళి దణ్ణం పెట్టి అడగాలి, ఆయన మాట చెప్పాలి.

నాకు ఆ గది కావాలి. ఎంత కావాలంటే, అన్నం ముందు కూర్చుని కూడా ఆ నల్లబల్ల మీద మొదటి రోజు ఏం రాయాలో ఆలోచించేదాన్ని. అది రాకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. టేర్ రూజ్‌లో మా పెద్దమ్మ కుట్టుపని చేసేది, సాయానికి నన్ను పంపమని అడుగుతోంది. చెరుకు కోత అయ్యేలోపు గది సంగతి తేలకపోతే పంపించేస్తానని అమ్మ చెప్పేసింది. పెద్దమ్మ మంచిదే. కానీ జీవితాంతం ఇంకొకరి జాకెట్లకి కాజాలు కుడుతూ కూర్చోవడం నా వల్ల కాదు. అప్పుడూ ఇదే మాట అమ్మతో అన్నాను, చెంప మీద ఒకటి పడింది.

మొదటిసారి నాన్న తీసుకెళ్ళాడు. ఆదివారం పొద్దున. తాత ఇంటి వరండాలో కూర్చుని కందికాయలు ఒలుస్తున్నాడు. నాన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాను. "దణ్ణం తాతా. మాస్టారు రావడం లేదు. పిల్లలకి నేను పాఠం చెప్పొచ్చా?" అన్నాను. మాస్టారి దగ్గర నేర్చుకున్న తెలుగు, ఒక్క క్రియోల్ మాట కూడా కలపకుండా. తాత నా వైపు చూశాడు. ఆ తర్వాత ఏమీ లేదు. కోడి ఒకటి వచ్చి రాలిన గింజ ఏరుకుపోయింది. నాన్న కాసేపు నిలబడి, టోపీ మళ్ళీ పెట్టుకుని, "పద" అన్నాడు.

దారిలో నాన్న మీద నాకు ఒళ్ళు మండిపోయింది. తాత కాదనలేదు కదా అంటే, "అనలేదు. అంటే కాదనే" అన్నాడు. నాన్నకి ఆ అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఎస్టేటు ఆఫీసు ముందు ఆయన రోజూ నిలబడేవాడు. టోపీ తీసి మిసియేకి సలాం చెప్పేవాడు, మిసియే అంటే తెల్లదొర. దొర ఆయన్ని దాటి వెనక ఎడ్లబండిని చూసేవాడు. కూలీల మీద మేస్త్రీ, సర్దారు, చెయ్యి ఊపేవాడు. ఆ చెయ్యి ఊపితే పనిలోకి వెళ్ళమని, దొరకి నీతో మాట లేదని. అక్కడ మౌనం అంటే నువ్వు లేవని. పాపం, నాన్నకి ఆ ఒక్క అర్థమే నేర్పారు. దొర వాకిట్లో నేర్చుకున్నది తెచ్చి తాత వాకిట్లో వాడితే ఎలా అని నాకు కోపం. నాన్న మీద కాదు, ఇప్పుడు తెలుస్తోంది, ఆ ఆఫీసు మీద.

ఇంటికొస్తే అమ్మది ఇంకో అర్థం. తాత మాట్లాడలేదంటే అది గౌరవమట. పెద్దలు దణ్ణాన్ని అలా మౌనంగా పుచ్చుకుంటారట, దాని మీద మళ్ళీ మనం ప్రశ్న వెయ్యకూడదట. నాలుగు రోజులు తిరక్కుండానే చిన్నాయన దుకాణం దగ్గర పదిమందిలో చెప్పాడు, పెద్దాయన ఆ పిల్లని ఒద్దన్నాడని. చిన్నాయన ఆ ఆదివారం అక్కడ లేనే లేడు.

నాకు మాత్రం ఒకటి గుర్తుంది. నేను దణ్ణం పెట్టగానే తాత చేతులు ఆగాయి. సగం ఒలిచిన కాయ వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయింది. మేం గేటు దాటి వెనక్కి చూస్తే కూడా అది అలాగే ఉంది. ఈ మాట మా అవ్వతో చెప్పాను. నాన్నకి అమ్మ, మా ఇంట్లోనే ఉండేది, ఎవరి గురించీ మంచి చెప్పేది కాదు కానీ మనుషుల్ని చూడటం తెలిసిన మనిషి.

"మీ నాన్న నోరు చూశాడే. నోరు ఏటి చూస్తావు, చేతులు చూడాల" అంది అవ్వ.

అప్పటినుంచి ఆవిడ మా వరండాకి వచ్చేపోయేవాళ్ళ మీదే నాకు పాఠం చెప్పింది. సంబంధాలు కుదిర్చే ఒకామె వచ్చి దణ్ణం పెడితే అవ్వ తలెత్తి చూసి బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. మధ్యలో అమ్మ లోపలి నుంచి ఏదో అడిగితే టక్కున జవాబు చెప్పింది. ఆమె వెళ్ళాక అవ్వ నన్ను అడిగింది, చూశావా అని. చూశాను. చేతులు ఆగలేదు, ఒళ్ళు ఆమె వైపు తిరగలేదు, వేరేవాళ్ళ మాటకి నోరు వెంటనే వచ్చింది. అది అక్కరలేకపోవడం. అలాంటి చోట బతిమాలితే ఇంకా చులకనైపోతావంది. మళ్ళీ దణ్ణం పెట్టడం అయితే అసలు వద్దు, మొదటిది అందలేదని ఎత్తిపొడిచినట్టు ఉంటుందట. వెళ్ళొస్తానని చెప్పి లేచిపోవాలి, ఇంకో పూట రావాలి. పనిలో ఉన్న మనిషికి అక్కర లేనిది తీరికలో ఉన్నప్పుడు అక్కర అవ్వొచ్చు.

మా వీధి చివర ఒకావిడ భర్త పోయినప్పుడు అవ్వ నన్ను వెంట తీసుకెళ్ళింది. అవ్వ దణ్ణం పెట్టి ఆమె పక్కన చాప మీద కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు ఏమీ అనలేదు. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది, అవ్వ నా మోకాలు గిల్లింది. ఆ చావింట్లో ఆ ఇద్దరి మధ్య ఉన్నది గౌరవం. ఆ ముసలావిడ తల మీది కొంగు సరిచేసుకుని మా వైపు తిరిగి కూర్చుంది, ఇంకేం చేయలేదు. దానికి జవాబు పక్కన ఉండటమే. అమ్మ చెప్పింది పూర్తిగా తప్పేం కాదు మరి. కాకపోతే అన్ని చోట్లా అదే అనుకోవడం తప్పు.

ఇక మూడోది ఆలోచన. అది పోల్చుకోవడం కష్టమని అవ్వ అనేది, ఎందుకంటే పైకి మిగతా రెండిటిలాగే ఉంటుంది. ఆలోచించే మనిషి చూపు నిన్ను వదిలేస్తుంది, కానీ ఇంకో మనిషి మీదికి పోదు. నేల మీదికో, ఇంటి కప్పు మీదికో పోతుంది. చేతులు ఆగుతాయి, లేకపోతే ఊరికే తువ్వాలు అంచు నలుపుతూ ఉంటాయి. మాట రాబోయే ముందు ఛాతీ నిండుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నువ్వు ఏదైనా అన్నావా, వాళ్ళు గాలి వదిలేసి మళ్ళీ మొదటికి వెళతారు. కుర్రాళ్ళందరూ అక్కడే చెడగొడతారని అవ్వ తిట్టేది. మరి ఏం చెయ్యాలి అంటే, ఆగాలి, ఆగుతున్నట్టు వాళ్ళకి కనపడాలి అంది. కొంచెం పక్కకి తిరిగి, వాళ్ళకన్నా కింద కూర్చోవాలి. మొహంలోకి గుచ్చి చూడకూడదు. చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. మరీ ఆలస్యమైతే ఒక్కటే మాట, "ఉన్నాను తాతా" అనాలి. అందులో ప్రశ్న లేదు, తొందర లేదు. నువ్వు వెతుక్కో, నేను పోవడం లేదు అని చెప్పడం, అంతే.

"ఇయన్నీ చూసినా తప్పు పోవచ్చు" అని కూడా అంది. "తెలీకపోతే అడగాల. అతగాడినే అడగాల. పక్కోడిని కాదు."

ఈ చివరి మాట నేను మిగతా అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నాను.

రెండోసారి ఒక్కదాన్నే గుడికి వెళ్ళాను. పొద్దున పూజ అయిపోయింది. తాత మెట్టు మీద కూర్చున్నాడు, చిన్నాయన గంట తుడుస్తున్నాడు. దణ్ణం పెట్టి అదే ప్రశ్న అడిగాను, కింది మెట్టు మీద పక్కకి తిరిగి కూర్చున్నాను. తాత చూపు నన్ను వదిలి వాసాల మీదికి పోయింది. వేళ్ళు తువ్వాలు అంచు పట్టుకున్నాయి. అవ్వ చెప్పినవన్నీ ఒక్కొక్కటే నా కళ్ళ ముందు జరుగుతున్నాయి. ఛాతీ నిండింది. పెదాలు విడివడ్డాయి.

"తాతకి అలసటగా ఉందమ్మా, ఇంక వెళ్ళు" అన్నాడు చిన్నాయన.

తాత గాలి వదిలేశాడు. నేను కదల్లేదు. కాసేపటికి మళ్ళీ ఆ ఛాతీ నిండటం చూశాను, మళ్ళీ చిన్నాయన ఏదో అన్నాడు, ఈసారి కోత సంగతి. అప్పుడు నాకు అర్థమైంది. ఈయన తాత మౌనానికి అర్థం చెప్పడం లేదు, దాన్ని తయారు చేస్తున్నాడు. కావాలని చేస్తున్నాడో, అలవాటైపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. దుర్మార్గుడు కాదు, మా ఇంట్లో జ్వరాలు వస్తే డాక్టరు కోసం పరిగెత్తింది ఆయనే. కానీ ఒక మనిషి మాట్లాడకపోవడం మీద ఇంకో మనిషి పెత్తనం నడుస్తుంటే, ఆ మొదటి మనిషి మాట్లాడే దాకా ఎవరు ఆగుతారు?

ఆ రోజుల్లో బహిరంగ సభలు జోరుగా జరిగేవి. మైకు పెట్టి, మా దేశం మాకు ఎప్పుడిస్తారో జవాబు చెప్పమని గవర్నరునే నిలదీసేవారు. మా నాన్న కూడా వెళ్ళి చప్పట్లు కొట్టి వచ్చేవాడు. ఇంగ్లండు రాణిని జవాబు అడగొచ్చు కానీ తాతని అడగకూడదా అన్నాను ఒకరోజు అన్నం తింటూ. నాన్న ముద్ద నోట్లో పెట్టుకోకుండా నా వైపు చూశాడు. ఆయన ఏమీ అనలేదు, నేనూ దానికి అర్థం చెప్పడానికి ప్రయత్నించలేదు. అమ్మ మాత్రం నా బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది. వచ్చే వారం టేర్ రూజ్‌కి అంది.

ఆ శనివారం భజనకి వెళ్ళాను. పొద్దు ఇంకా వాలలేదు. మధ్యలో దీపపు సెమ్మె, చుట్టూ మగవాళ్ళు తాళాలతో నిలబడి ఉన్నారు, ఆడవాళ్ళం గోడ వారగా. భజనలో ఒక పద్ధతి ఉంది. తాత మొదటి పాట ఎత్తుకునేదాకా ఎవరూ తాళం కొట్టకూడదు, అడుగు వెయ్యకూడదు. వచ్చినవాళ్ళంతా ఆయనకి దణ్ణం పెడతారు, ఆయన చూస్తాడు, పాట మొదలవుతుంది. నేను అందరి చివర వెళ్ళాను.

దణ్ణం పెట్టి అన్నాను, "తాతా, గది తాళంచెవి అడిగాను. రెండుసార్లు అడిగాను. నీ మాట కోసం వచ్చాను."

మళ్ళీ అదే. చూపు నన్ను వదిలింది, చేతిలో తాళాలు ఆగాయి. చిన్నాయన ముందుకొచ్చాడు, భజన వేళ ఇదేమిటమ్మా, పెద్దాయన ముందే చెప్పాడు కదా అంటూ.

"చిన్నాయనా, నేను దణ్ణం పెట్టింది తాతకి. జవాబు తాత చెప్పాల. నువ్వు కాదు."

ఇది గట్టిగా అన్న మాట కాదు. కానీ గుడిలో వినపడని వాళ్ళు లేరు. వెనక ఆడవాళ్ళలో ఎవరో పెదవి చప్పరించారు. అమ్మ నా కొంగు పట్టి లాగింది, నేను విడిపించుకుని తాత కాళ్ళకి కొంచెం పక్కగా కింద కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఒకదాన్ని ఒకటి పట్టుకుని కూర్చున్నాను. నాన్న మగవాళ్ళ వరసలో ఉన్నాడు. ఆయన వచ్చి నన్ను లేపేస్తాడనుకున్నాను. రాలేదు.

భజన మొదలవ్వదు, తాత ఎత్తుకోవాలి కాబట్టి. తాత ఎత్తుకోడు, నేను కూర్చుని ఉన్నాను కాబట్టి. మనుషులు కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డారు. ఎవరికో దగ్గొచ్చింది. చిన్నాయన ఒకసారి నోరు తెరిచి, అందరూ తన వైపు తిరిగేసరికి మూసుకున్నాడు. నాకు లోపల ఒకటే భయం. అవ్వ చెప్పినవన్నీ కాకిలెక్కలే అయితే? ఇది నిజంగా అక్కరలేకపోవడమే అయితే? పోనీ, అదైనా ఆయన నోటితోనే వినాలి. టేర్ రూజ్ వెళితే ఆయన మాట పట్టుకుని వెళతాను, చిన్నాయన మాట పట్టుకుని కాదు అనుకున్నాను.

"ఉన్నాను తాతా" అన్నాను.

ఛాతీ నిండింది. ఈసారి మధ్యలో ఎవరూ రాలేదు.

తాత మాట్లాడాడు. క్రియోల్లో మాట్లాడాడు. గుడిలో, సెమ్మె ముందు, భజన తాళాలు చేతిలో పట్టుకుని. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన అన్నది ఇంత. వద్దని తను ఎప్పుడూ అనలేదట. ఈ పిల్ల వచ్చి శుద్ధమైన తెలుగులో దణ్ణం పెట్టి తెలుగులో అడుగుతుంది, తను తెలుగులో చెప్పాలి. పాటలు వచ్చు, మంత్రాలు వచ్చు, అవి చిన్నప్పుడే నోటికి పట్టాయి. కానీ మాట్లాడే తెలుగు ఇంటిదాంతో మాట్లాడేవాడు, ఆమె పోయాక మాట్లాడేవాళ్ళు లేక అది కూడా పోయింది. వెతుక్కుంటాడు. వెతుక్కునేలోపు జనం వెళ్ళిపోతారు.

ఇన్నేళ్ళుగా మేం భక్తి అనుకున్నదీ, గాంభీర్యం అనుకున్నదీ, ఒద్దనడం అనుకున్నదీ ఇదీ. ఒక ముసలాయన మాట వెతుక్కుంటున్నాడు. ఎవ్వరూ ఆగలేదు. నాకు ఆయన మీద జాలి వేసింది, దానికన్నా ఎక్కువగా కోపం వచ్చింది, గుడినిండా నిలబడ్డ ఆ గౌరవం మీద. చిన్నాయన వాసాల వైపు చూస్తున్నాడు.

తాత ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యి ఎత్తి నన్ను అడిగాడు. ఈసారి తెలుగు, ఒక్కొక్క మాటే తీసి పెడుతూ.

"నువ్వు చెప్తే... పిల్లలకి మాట వస్తాదా? పాట కాదు. మాట."

నేను వెంటనే వస్తుందని అనబోయాను. నోటి దాకా వచ్చింది. కానీ అది నిజమో కాదో నాకు తెలియదు. మాస్టారు నాకు పద్యాలు నేర్పారు, వ్యాకరణం నేర్పారు. నేను అమ్మతో, నాన్నతో, ఈ ఊళ్ళో ఎవరితోనైనా తెలుగులో ఒక పూట కబుర్లు చెప్పానా? ఎన్నడూ లేదు. అలాంటిదాన్ని పిల్లలకి ఎలా తెప్పిస్తాను? నా చూపు తాత మొహం మీద నుంచి నేల మీదికి పోయింది. చేతులు కొంగు నలపడం మొదలుపెట్టాయి. గుడి అంతా నన్నే చూస్తోందని తెలుసు, అయినా మాట దొరకలేదు.

"చూశారా" అన్నాడు చిన్నాయన. "అడిగితే జవాబే లేదు. ఊరికే పంతం. తాతా, ఇంక భజన ఎత్తుకో."

తాత ఆయన వైపు తిరగను కూడా లేదు. తాళాలు పక్కన పెట్టి, నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పక్కకి తిరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"ఆగరా" అన్నాడు. "పిల్ల ఆలోచిస్తంది."

అందరూ ఆగారు. నాకు మాట దొరికేదాకా ఆగారు.